గడగడా మాట్లాడేవాళ్లకి సబ్‌టైటిల్: ఎక్కడ కొయ్యాలి, ఎక్కడ ఆగాలి?

ప్రశ్న: మా ఊరి పెద్దాయన కబుర్లు వీడియో తీసి తెలుగులోనే సబ్‌టైటిల్స్ వేస్తున్నాను. ఆయన చాలా స్పీడు. అన్నదంతా వేస్తే తెర నిండా అక్షరాలే, చదివేలోపు మారిపోతోంది. కుదిస్తే జోకు పోతోంది. ఎక్కడ కొయ్యాలి?

జవాబు: మాది రావులపాలెం దగ్గరండీ. మా అక్కకి చెవులు వినపడవు, తన కోసమే ఈ పని మొదలుపెట్టాను. నాకు బాగా బుద్ధి చెప్పిన ముక్క ఒకటుంది, అదే చెబుతాను. ఆత్రేయపురంలో మా అత్తయ్య పూతరేకులు తీస్తూ ఇలా అంది:

"పూతరేకంటే ఏవుందండీ, అచ్చం కాయితంలాగే ఉంటది కదండీ, మొన్న మా చిన్న మనవడు దాని మీద పెన్నుతో హోంవర్కు రాసేసుకుని బడికి అట్టుకెళ్లాడండీ, మాస్టారు దిద్దడం మానేసి తినేశారండీ."

ఇదంతా తొమ్మిది సెకన్లలో అనేసింది. అక్షరాలు 69. అక్క ఒక కన్ను అత్తయ్య చేతుల మీద ఉంచి హాయిగా చదవగలిగేది సెకనుకి ఆరు అక్షరాలు. ఫోన్‌లో వరసకి ఇరవై దాటితే అక్షరం చిన్నదైపోతుంది, రెండు వరసలు మించితే మనిషి మొహమే కనపడదు. ఇవి మా ఇంట్లో చూసి పెట్టుకున్న లెక్కలు, మీ చూపరులతో మీరూ ఒకసారి సరిచూసుకోండి.

లెక్కపెట్టేది కంటికి కనపడే అక్షరాల్నే. "స్త్రీ" మనకి ఒక్క అక్షరం, కంప్యూటర్ లోపల అది ఆరు. ఇంగ్లీషుకి వాడే వరసకి 42 అన్న హద్దును అలాగే తెచ్చి పెట్టుకుంటే, బాగా సరిపోయే తెలుగు వాక్యం కూడా హద్దు దాటిందని సబ్‌టైటిల్ సాఫ్ట్‌వేర్‌లో ఎర్రగా కనపడుతుంది. దాన్ని చూసి కంగారుపడి అనవసరంగా కోసేస్తాం.

మొదటిసారి నేను వేసింది ఇది: "మనవడు పూతరేకు మీద హోంవర్కు రాశాడు. మాస్టారు తినేశారు." ఒకే కార్డు, పొట్టిగా ఉంది, టైముకి సరిపోయింది. కానీ అత్తయ్య ఇంకా బడి దగ్గరే ఉండగా అక్క చివరి మాట చదివేసింది. పక్కవాళ్లు నవ్వే వేళకి తను ఊరికే చూస్తూ కూర్చుంది. పైగా "దిద్దడం మానేసి" తీసేశాను. మాస్టారు చెయ్యాల్సింది దిద్దడం, చేసింది తినడం, నవ్వు ఆ రెంటి మధ్యనే ఉంది. ఒకటి తీసేస్తే మిగిలింది ఉత్త వార్త.

రెండోసారి వెనక నుంచి మొదలుపెట్టాను. చివరి మాట అన్నది అన్నట్టే ఉంచి, అది ఆమె నోట్లోంచి వచ్చినప్పుడే తెర మీదకి వచ్చేలా విడి కార్డు చేశాను. కోత అంతా ముందు భాగంలోనే పడింది.

```
14
00:01:22,000 --> 00:01:28,400
కాయితంలా ఉంటది కదాని పూతరేకు మీద
మా మనవడు హోంవర్కు రాసి బడికి అట్టుకెళ్లాడండీ

15
00:01:28,500 --> 00:01:31,000
మాస్టారు దిద్దడం మానేసి తినేశారండీ
```

మొదటి కార్డు 55 అక్షరాల నుంచి 35కి దిగింది. "పెన్నుతో" పోయినా రాయడం అన్నదాంట్లోనే ఉంది. "మొన్న", "చిన్న", "అచ్చం" పోయాయి, కథకి వాటితో పని లేదు. "బడికి" కూడా తీసేద్దామనుకున్నాను గానీ, అది లేకపోతే మాస్టారు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారో తెలీదు. నాలుగు "అండీ"ల్లో కార్డుకి ఒకటి చాలు. అసలు లేకుండా మాత్రం చెయ్యకండి, అప్పుడు మాట్లాడేది మన గోదారి మనిషి కాదు. "అట్టుకెళ్లాడు"ని "తీసుకెళ్లాడు" చేస్తే ఒక్క అక్షరం కూడా మిగలదు, ఊరికే యాస పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. వరస విరిచేటప్పుడు "పూతరేకు" పైన, "మీద" కింద పడకుండా చూడండి.

జోకు కాకుండా విషయం చెప్పే చోట్ల కత్తెర వేరేగా నడుస్తుంది. "ఇదిగో ఈ గుడ్డని ఇలా పిండిలో ముంచి, ఇలా కుండ మీద లాగాలండీ, పిండి పల్చగా ఉంటేనే రేకు లేస్తదండీ" అంది. బోర్లించిన కుండ మీద గుడ్డ లాగడం తెర మీద కనపడుతూనే ఉంది, ఆ సగం మొత్తం వదిలేశాను. "పిండి పల్చగా ఉంటేనే రేకు లేస్తదండీ", ఇదొక్కటే ఉంచాను. ఇక్కడ "ఉంటేనే"లో "నే" తీసేస్తే ఒక అక్షరం తగ్గుతుంది, కానీ చిక్కటి పిండితో రేకు రాదన్న సంగతీ పోతుంది. కాదు, లేదు, మాత్రమే, అంకెలు, కొలతలు, ఈ "నే"లు, వీటి జోలికి నేను వెళ్లను. చోటు చాలకపోతే పక్కన ఉన్న విశేషణాన్ని తీసేస్తాను. అదీ లేకపోతే, ఆమె ఊపిరి పీల్చుకునే సందులోకి కార్డుని ఇంకో అరసెకను సాగనిస్తాను. తర్వాతి మాట మొదలవకముందే దిగిపోతే చాలు.

అయ్యాక సౌండు తీసేసి, ఆ వీడియో ఎప్పుడూ చూడనివాళ్లకి ఒక్కసారే చూపించండి. ఏం చదివారని కాదు, అత్తయ్య ఏ చేత్తో గుడ్డ లాగిందని అడగండి. చెప్పలేకపోతే వాళ్ల కళ్లు అక్షరాల మీదే ఉండిపోయాయన్నమాట, ఆ కార్డుకి ఇంకో కోత ఉంది.