మసాలా పొడి వాసన నిలవాలంటే

నల్లగొండ

చిరంజీవి సౌభాగ్యవతి సుజాతకు పెద్దమ్మ ఆశీస్సులు.

సంక్రాంతికి చేసి పెట్టుకున్న మసాలా పొడి శివరాత్రి నాటికే ఘాటు తగ్గి, పాత నూనె వాసన కొడుతున్నదని రాశావు. పావు కిలో ధనియాలు, రెండు కుడుకలు, పిడికెడు నువ్వులు, కొద్దిగా గసగసాలు, చెక్క, లవంగాలు, యాలకులు, సాజీర అన్నీ వేయించి ఒక్కసారే పట్టి, పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో పోసి పొయ్యి పైనున్న అరలో పెట్టానని కూడా రాశావు కాబట్టి, లోపం ఎక్కడున్నదో నాకు ఇక్కడి నుంచే తెలిసింది. నీవు కొన్న సరుకులో దోషమేమీ లేదు.

నీ పొడిలో రెండు వేర్వేరు నష్టాలు ఒకేసారి జరిగాయి. మొదటిది, వాసన ఎగిరిపోవడం. ధనియాల బరువులో వాసననిచ్చే నూనె నూటికి ఒక వంతు కూడా ఉండదు. గింజ గింజగా ఉన్నంతకాలం ఆ కొద్ది నూనె లోపలే భద్రంగా ఉంటుంది, పొడి కాగానే గాలిలో కలవడం మొదలుపెడుతుంది. రెండవది, కొవ్వు నూనె చెడిపోవడం. కుడుక బరువులో సగానికి పైగా నూనే, నువ్వుల్లో సుమారు సగం నూనె. వాటిని పొడి చేస్తే గాలి తగిలి, వేడి తోడై, ఆ నూనె కొన్ని వారాల్లోనే చెడు వాసనకు తిరుగుతుంది. మొదటి నష్టం జరిగిన పొడిని కాస్త ఎక్కువ వేసుకుని సరిపెట్టుకోవచ్చు కానీ, రెండవది జరిగితే పారబోయడమే మేలు, ఎందుకంటే ఆ వాసన కూర ఉడికినా పోదు.

అందుచేత ఇకముందు కుడుకను, నువ్వులను, గసగసాలను నిల్వ పొడిలో కలపవద్దు. ధనియాలు, సాజీర, చెక్క, లవంగాలు, యాలకులు మాత్రం ఒక పొడిగా చేసి ఉంచుకుని, మాంసం వండే నాడు కావలసినంత కుడుకను వేయించి అప్పటికప్పుడు నూరి కలుపుకో. అంత తీరిక లేదనుకుంటే కుడుక పొడిని వేరే చిన్న సీసాలో ఫ్రిజ్‌లో పెట్టి నెల రోజుల్లో వాడేయి. కుడుకలను చిప్పలుగా ఎండబెట్టి ఉంచితే మూడు నాలుగు నెలలు ఆగుతాయి. లోపలి వైపు బూజు మచ్చ కనిపిస్తే మాత్రం గీకి వాడకుండా ఆ చిప్పనే తీసేయాలి.

వేయించడంలోనూ చాలామంది తొందరపడతారు. సన్నని సెగ మీద గింజ వేడెక్కి, పట్టుకుంటే కాలేంత వరకు చాలు, రంగు మారేదాకా ఉంచితే వాసన వంటింట్లోనే మిగిలిపోతుంది. వేయించినవి పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారాకే మిక్సీలో వేయి, అది కూడా ఆపి ఆపి తిప్పు, ఎందుకంటే గిన్నె వేడెక్కితే ఆ వేడికే సగం పరిమళం ఆవిరవుతుంది. పొడిని జల్లించి, మళ్లీ చల్లార్చి, అప్పుడు సీసాలకు ఎత్తు. గోరువెచ్చగా ఉండగానే మూత పెడితే మూత లోపల చెమ్మ పడుతుంది, ఆ చెమ్మతోనే పొడి గడ్డకట్టడం, బూజు పట్టడం మొదలవుతాయి.

ఒక పెద్ద డబ్బాకు బదులు మూడు చిన్న గాజు సీసాలు తీసుకో. డబ్బా సగం ఖాళీ అయినకొద్దీ లోపల గాలి పెరుగుతుంది, రోజూ మూత తీసినప్పుడల్లా కొంత వాసన పోతుంది. ఒక సీసా బయట వాడుకలో ఉంచి, మిగతా రెండింటినీ అంచు దాకా నింపి, గట్టిగా మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టు. ఫ్రిజ్ నుంచి తీసిన సీసాను వెంటనే తెరవవద్దు, చల్లదనం పోయి బయటి వేడికి వచ్చాక తెరవాలి, లేకపోతే గాలిలోని తేమ పొడి మీద కూర్చుంటుంది. పొయ్యి పై అర మాత్రం మసాలాలకు అస్సలు పనికిరాదు. మన దగ్గర మే నెలలో ఎండే 44 డిగ్రీలు దాటుతుంది, దానికి పొయ్యి సెగ, ఆవిరి కూడా తోడైతే ఏ పొడి నిలుస్తుంది? కింది అలమారలో, వెలుతురు తగలని మూల ఉంచు. ఉడుకుతున్న గిన్నె మీద సీసా వంచి చల్లే అలవాటు కూడా మానుకో, పొడిని తడి లేని చెంచాతో వేరుగా తీసి వేయాలి.

ఇలా చేసిన మసాలా పొడి బయట మూడు నెలలు, ఫ్రిజ్‌లో ఆరు నెలలు బాగుంటుంది. ఒట్టి ధనియాల పొడి, జీలకర్ర పొడి రెండు మూడు నెలలకే చప్పబడతాయి. పసుపు ఏడాది ఉంటుంది, అయితే వెలుతురు తగిలితే రంగు వెలుస్తుంది కాబట్టి గాజు సీసా కన్నా స్టీలు డబ్బా దానికి నయం.

పొడి చేయనివాటి సంగతి వేరు. లవంగాలు, చెక్క, మిరియాలు, జాజికాయ మూడేళ్ల వరకు ఆగుతాయి. లవంగంలో నూటికి పదిహేను వంతుల దాకా వాసన నూనె ఉంటుంది కనుక దాని ఓర్పు ఎక్కువ. మొగ్గ కింద గోటితో నొక్కితే నూనె చెమ్మ కనిపించాలి. నీళ్లలో వేస్తే మంచి లవంగం మునుగుతుంది, నూనె తీసేసినది తేలుతుంది. ధనియాలు, జీలకర్ర ఏడాదిన్నర, తొక్కతో ఉన్న యాలకులు ఏడాది వాసన నిలుపుకుంటాయి, కానీ యాలకుల గింజలు వలిచి పెడితే కొన్ని వారాలకే చప్పబడతాయి. నువ్వులు, గసగసాలు గింజలుగా ఉన్నా ఆరు నెలలకు మించి బయట ఉంచవద్దు. దేని సంగతైనా అరచేతిలో వేసి నలిపి చూస్తే తెలుస్తుంది, నలిపిన వెంటనే వాసన రాకపోతే ఇక దాన్ని నిల్వ చేసి లాభం లేదు.

కారం గురించి అడిగావు కనుక చెబుతున్నాను. మిరపకాయలను ఊపితే లోపల గింజలు గలగలలాడేంత వరకు ఎండలో పెట్టి, గిర్నికి తీసుకుపోయే రోజే తొడిమలు తీయి. ముందే తీసి ఉంచితే ఆ సందులోంచి తేమ, పురుగు చేరతాయి. లోపల నల్లగా, బూడిద రంగు బూజుతో ఉన్న కాయ ఒక్కటైనా పొడిలో పడనివ్వకూడదు, అది ఒంటికి హాని చేస్తుంది. గిర్నిలోంచి వచ్చిన కారం కాలిపోతూ ఉంటుంది, దాన్ని నీడలో బట్ట మీద పరిచి చల్లార్చాకే జాడీకి ఎత్తాలి. ఏడాదికి సరిపడా ఒక్కసారే పట్టించడం మన వైపు ఆనవాయితీ. నేను ఆరు నెలలకే పట్టించి మిగతా కాయలను గోనె సంచిలో కాకుండా మూత గట్టి డబ్బాలో ఉంచుతాను. ఏడాది దాటినా కారం ఘాటు అంతగా తగ్గదు, రంగు, వాసన మాత్రం పోతాయి.

పోపుల డబ్బాలో పదిహేను రోజులకు సరిపడా పోసుకుంటే చాలు, ఒకే మూత కింద అన్ని గిన్నెలూ తెరిచే ఉంటాయి కనుక ఒకదాని వాసన మరొకదానికి పడుతుంది.

చివరగా, ధనియాల్లో చిన్న గోధుమ రంగు పురుగులు కనిపించాయని రాశావు. డబ్బాలో బిర్యానీ ఆకు వేస్తే పోతాయని ఎవరైనా చెబితే దాని మీద ఆధారపడవద్దు. డబ్బా అడుగున సన్నని పొడి, గింజలకు చిల్లులు ఉంటే అవి పారబోయి. బాగున్నవాటిని జల్లించి, గాలి చొరని సంచిలో కట్టి వారం రోజులు ఫ్రీజర్‌లో ఉంచు, గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీసి చెమ్మ ఆరాక ఒక పూట ఎండలో పెట్టి, ఖాళీ డబ్బాను వేడినీళ్లతో కడిగి బాగా ఆరిన తరువాతే మళ్లీ నింపు. కొత్త ధనియాలను ఆ పాతవాటిపై పోయకుండా వేరే డబ్బాలో ఉంచు.

నీ పెద్దమ్మ