ఫీల్డ్ రిపోర్టులో పరిమితులు రాస్తే మార్కులు తగ్గుతాయా?

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ జాగ్రఫీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది మహబూబ్‌నగర్ జిల్లా. మా ఊళ్లో 24 బావులు, బోర్లలో ఏప్రిల్‌లో నీటిమట్టం కొలిచి, చెక్‌డ్యామ్ వల్ల భూగర్భ జలం పెరిగిందని ఫీల్డ్ రిపోర్టు రాశాను. 100కి 61 మార్కులు వచ్చాయి. ‘డేటా సేకరణ వివరణ చాలా బాగుంది, పరిమితుల ఊసే లేదు’ అని రాశారు. లోపాలు మనమే రాసుకుంటే మార్కులు పోతాయని సీనియర్లు చెబితే వదిలేశాను. ఈ రిపోర్టును ఉద్యోగ దరఖాస్తులకు జత చేయాలనుకుంటున్నాను. ఏం మార్చాలి? కాపీ పంపుతున్నాను.

జవాబు: సీనియర్ల మాట పక్కన పెట్టండి. పరిమితులు రాసినందుకు మార్కులు పోవు. రాయకపోతే పోయేవి కూడా ఆ ఒక్క శీర్షికకు కేటాయించిన నాలుగైదు మార్కులే కాదు. రిపోర్టు దిద్దేవాళ్లలో చాలామంది ముందు ముగింపు చదువుతారు. తర్వాత వెనక్కి వెళ్లి, సేకరించిన డేటా ఆ ముగింపును మోయగలదా అని చూస్తారు. మీ ముగింపులో ‘చెక్‌డ్యామ్ వల్ల నీటిమట్టం 4.2 మీటర్లు పెరిగినట్టు తేలింది’ అని ఉంది. మీ పట్టికలు ఆ మాట చెప్పడం లేదు. అందుకే సేకరణకు దాదాపు పూర్తి మార్కులు వచ్చినా, విశ్లేషణకు, ముగింపుకు వచ్చే మార్కులకు కోత పడింది.

సేకరణ నిజంగానే బాగుంది. కేసింగ్ పైపు అంచు నుంచి కొలిచి, నేలకు పైన ఉన్న పైపు ఎత్తును తీసేశారు. ప్రతి కొలతా రెండుసార్లు తీశారు. తేదీ, సమయం, బోరు లోతు అన్నీ నమోదు చేశారు. ఇంత వివరంగా రాశారు కాబట్టే ఎక్కడ అనుమానించాలో చదివేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. ఆ అనుమానాలను మీరే ముందుగా ఎత్తి, వాటి బరువు తూచి చూపించాల్సింది.

అన్నిటికన్నా పెద్దది చెక్‌డ్యామ్ పోలిక. డ్యామ్‌కు 500 మీటర్ల లోపు ఉన్న 9 చోట్ల సగటు నీటి లోతు 7.0 మీటర్లు, అవతల ఉన్న 15 చోట్ల 11.2 మీటర్లు. ఈ తేడానే మీరు 4.2 మీటర్ల పెరుగుదల అన్నారు. ఇప్పుడు మీ అనుబంధ పట్టికలో ‘రకం’ అనే గడి చూడండి. డ్యామ్ దగ్గరి 9లో 6 తవ్విన బావులు, 3 బోర్లు. దూరంగా ఉన్న 15లో 2 బావులు, 13 బోర్లు. అంటే ఒకవైపు ఎక్కువగా బావులు, మరోవైపు ఎక్కువగా బోర్లు. మీ ప్రాంతంలో తవ్విన బావికి నీళ్లు పైనున్న చివికిన రాతి పొర నుంచి వస్తాయి. బోరు ఆ పొరను కేసింగ్‌తో మూసేసి, కిందనున్న బండ పగుళ్ల నుంచి తోడుతుంది. రెంటినీ కలిపి సగటు తీయకూడదు.

విడదీసి లెక్క వేయండి. బావుల సగటు డ్యామ్ దగ్గర 5.0 మీటర్లు, దూరంగా 6.0 మీటర్లు. బోర్ల సగటు దగ్గర 11.0, దూరంగా 12.0. రెండు రకాల్లోనూ తేడా ఒక్క మీటరే. మిగతా మూడు మీటర్ల పైచిలుకు రెండు వైపులా ఒకే రకం లేకపోవడం వల్ల వచ్చింది. డ్యామ్‌కు దానితో సంబంధం లేదు. మిగిలిన ఒక్క మీటరును కూడా డ్యామ్ ఖాతాలో వేసేయలేం. డ్యామ్ కట్టేది వాగు మీద. వాగు పక్కన నేల పల్లంగా ఉంటుంది కాబట్టి, డ్యామ్ లేకపోయినా అక్కడ నీళ్లు పైనే దొరుకుతాయి. కట్టకముందు కొలతలు మీ దగ్గర లేవు. డ్యామ్ లేని మరో వాగు పక్కన కొలిచిన బావులూ లేవు. కొలిచింది కూడా ఒక్క ఏప్రిల్‌లోనే. ‘పెరిగింది’ అనాలంటే కనీసం రెండు కాలాల కొలతలు కావాలి. ఒకే కాలంలో రెండు చోట్ల కొలిస్తే ‘ఇక్కడ అక్కడికన్నా పైన ఉంది’ అనగలం, అంతే.

రెండోది మోటార్ల సంగతి. 11వ నంబరు బోరులో 9.8 మీటర్లు, దానికి 60 మీటర్ల దూరంలోని 12వ నంబరులో 17.4 మీటర్లు ఉన్నాయి. దీన్ని మీరు ‘స్థానిక శిలా నిర్మాణంలో తేడా’ అన్నారు. కావచ్చు. అంతకన్నా దగ్గరి కారణం, 12వ బోరు మోటారు కాసేపటి ముందు వరకు నడిచి ఉండటం. నడుస్తున్నప్పుడు బోరులో మట్టం దిగిపోతుంది. ఆపాక నెమ్మదిగా కోలుకుంటుంది. గ్రానైట్ నేలల్లో దీనికి గంటలు పట్టవచ్చు. రాష్ట్రంలో 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడంతో మోటార్లన్నీ ఒకేసారి ఆగి ఉండే వేళ పట్టుకోవడం కష్టమైంది. మీరు కొలిచిన సమయం రాశారు కానీ, మోటారు ఎప్పుడు ఆగిందో రాయలేదు.

ఇది కనిపెట్టే పద్ధతి తేలికే. ఒకసారి కొలిచి, పావుగంట ఆగి మళ్లీ కొలవాలి. మట్టం కొన్ని సెంటీమీటర్లు పైకి వస్తే అది ఇంకా నిలకడకు రాలేదన్నమాట. మీరు రెండుసార్లు కొలిచారు కానీ వెంటవెంటనే కొలిచారు. దానివల్ల టేపు చదవడంలో పొరపాటు దొరుకుతుంది తప్ప కోలుకుంటున్న మట్టం దొరకదు. ఈ లోపం ఏ దిక్కుకు లాగుతుందో కూడా రాయాలి: నీళ్లు అసలున్న దానికన్నా లోతుగా ఉన్నట్టు చూపిస్తుంది. డ్యామ్ దగ్గర ఉన్నవి మూడే బోర్లు కాబట్టి, వాటిలో ఒక్కటి ఇలా తప్పినా అక్కడి సగటు మొత్తం కదిలిపోతుంది.

మూడోది మీ రిపోర్టులో ఒకే ఒక్క వాక్యంగా ఉండి, దాటిపోయింది: ‘మొత్తం 31 ఎంచుకోగా 7 బోర్లలో కొలవడం వీలుకాలేదు.’ ఎందుకు వీలుకాలేదు? పైన మూత బిగించి ఉండటం, పైపుకు, వైరుకు మధ్య టేపు ఇరుక్కోవడం ఒక రకం కారణాలు. వాటివల్ల పెద్ద నష్టం లేదు. బోరు ఎండిపోయి ఉండటం పూర్తిగా వేరే సంగతి. మీ నోటుపుస్తకం పేజీల ఫొటోలో ఆ ఏడింటిలో నాలుగింటి పక్కన ‘నీళ్లు లేవు’ అని ఉంది. ఎండిన బోర్లను వదిలేసి, నీళ్లున్న వాటికి మాత్రమే సగటు తీస్తే ఊరి పరిస్థితి ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది. మోటార్ల లోపం అంకెను ఎటు లాగుతుందో, ఇది దానికి వ్యతిరేక దిక్కుకు లాగుతుంది. అలాగని రెండూ సరిపోయాయనుకోకూడదు, ఎంతెంతో తెలియదు కాబట్టి. ఆ నాలుగు ఎక్కడున్నాయో మ్యాప్‌లో గుర్తు పెట్టండి. నాలుగూ దూరంగా ఉంటే మీ వాదనకు కొంత బలం. ఒక్కటి డ్యామ్ పక్కన ఉన్నా దాని గురించి రాయక తప్పదు. ఎండిన బోరుకు అంకె వేయలేకపోతే ‘బోరు లోతు 60 మీటర్లు, అంతవరకూ నీళ్లు లేవు’ అన్నట్టు రాయవచ్చు. అది కూడా డేటానే.

ఇక సమరేఖల మ్యాప్. నీటి లోతును సెంటీమీటరు వరకు కొలిచారు, సరే. సముద్ర మట్టం నుంచి నీటిమట్టం ఎంత ఎత్తులో ఉందో తెలియాలంటే నేల ఎత్తులోంచి ఆ లోతును తీసేయాలి. నేల ఎత్తు మీరు ఫోన్ జీపీఎస్‌లో చూశారు. ఫోన్‌లో ఎత్తు ఐదు పది మీటర్లు అటూ ఇటూ కావడం మామూలు. మీ మ్యాప్ మొత్తంలో ఎక్కువ తక్కువల మధ్య తేడా 11 మీటర్లు, రేఖలు మీటరుకొకటి గీశారు. ఆ రేఖల్లో ఏది నీటి వాలో, ఏది ఫోన్ తప్పో ఎవరూ చెప్పలేరు. ఈ మ్యాప్‌ను తీసేసి, దాని బదులు నేల నుంచి నీటి లోతు చూపే మ్యాప్ పెట్టండి. దానికి ఎత్తులతో పనే లేదు, మీ గట్టి కొలతలన్నీ అందులో పనికొస్తాయి. ‘నీరు ఉత్తరం నుంచి దక్షిణానికి ప్రవహిస్తోంది’ అనే వాక్యం కూడా దాంతోపాటే పోవాలి.

పరిమితులు ఎలా రాయాలనే దగ్గర చాలామంది మళ్లీ మార్కులు పోగొట్టుకుంటారు. ‘సమయాభావం, నిధుల కొరత, రైతుల సహకార లోపం’ అని చివరి పేజీలో మూడు ముక్కలు రాస్తే ఏమీ రాదు. అవి ఏ రిపోర్టుకైనా అతుకుతాయి. లోపం ఏమిటి, అది అంకెను ఎటు లాగుతుంది, ఎంత మేరకు, దానివల్ల ముగింపులో ఏ మాట మారింది అన్నది చెప్పాలి. అదీ ముగింపుకు ముందే చెప్పాలి. ఉదాహరణకు ఇలా:

‘కొలతకు ముందు మోటారు ఎంతసేపు ఆగి ఉందో నమోదు చేయలేదు. అందువల్ల 16 బోర్లలో కొన్నిటి నీటి లోతు అసలుకన్నా ఎక్కువగా నమోదై ఉండవచ్చు. 11, 12 నంబర్ల మధ్య 7.6 మీటర్ల తేడాకు ఇది ఒక కారణం కావచ్చు. కాబట్టి బోర్ల సగటుల మధ్య ఉన్న 1.0 మీటరు తేడాను చెక్‌డ్యామ్ ప్రభావంగా ఈ అధ్యయనం పరిగణించలేదు.’

చివరి వాక్యమే ముఖ్యం. అది లేకపోతే లోపాన్ని ఒప్పుకుని, ఏమీ పట్టనట్టు పాత ముగింపే రాసినట్టు అవుతుంది. మీ కొత్త ముగింపు ఇలా ఉండవచ్చు: ‘ఏప్రిల్‌లో డ్యామ్‌కు 500 మీటర్ల లోపు బావుల్లోనూ బోర్లలోనూ నీళ్లు సుమారు ఒక మీటరు పైన ఉన్నాయి. దీనికి డ్యామ్ కారణమా, వాగు పల్లం కారణమా అన్నది ఈ కొలతలతో విడదీయలేం.’ చిన్న ముగింపే. కానీ ఎవరు అడిగినా నిలబడుతుంది.

దిద్దేటప్పుడు ఒక్క జాగ్రత్త. మోటార్లు ఎప్పుడు ఆగాయో ఇప్పుడు గుర్తు తెచ్చుకుని గడులు నింపకండి. ‘నమోదు చేయలేదు’ అనే రాయండి. కావాలంటే వానాకాలం ముగిశాక, నవంబరులో అవే 24 చోట్ల మళ్లీ కొలిచి, కొత్త తేదీతో వేరే పట్టికగా పెట్టండి. కేంద్ర భూగర్భ జల మండలి తన పరిశీలక బావుల్లో కొలిచే నెలల్లో నవంబరు ఒకటి. మీ మండలంలో అలాంటి బావి ఉందేమో ఇండియా-డబ్ల్యూఆర్ఐఎస్ వెబ్‌సైటులో వెతకండి. ఉంటే, మీరు కొలిచిన ఏప్రిల్ మామూలు ఏప్రిలేనా, కరువు ఏప్రిలా అన్నది అందులోని పాత అంకెలు చెబుతాయి.

దరఖాస్తుకు మొత్తం రిపోర్టు పంపకండి. లోతు మ్యాప్, రకాలవారీ పట్టిక, పరిమితుల పేరా, ముగింపు కలిపి రెండు పేజీల సారాంశం చేయండి. పైన ‘సమర్పణ తర్వాత సవరించినది’ అని తేదీతో రాయండి. భూగర్భ జలాల ప్రాజెక్టులైనా, వాటర్‌షెడ్ సంస్థలైనా, జీఐఎస్ కంపెనీలైనా ఇంటర్వ్యూలో మీ పట్టిక ముందు పెట్టుకుని 12వ నంబరు బోరు దగ్గరే ఆగే అవకాశం ఎక్కువ. అక్కడ 17.4 ఎందుకు వచ్చిందని అడిగితే, ఉండగల రెండు కారణాలు, వాటిని విడదీయడానికి మళ్లీ వెళ్తే ఏం కొలుస్తారో రెండు నిమిషాల్లో చెప్పేలా సిద్ధం కండి.