టెక్ సందేహాలు: కంచులో 798 డిగ్రీల అడ్డగీత

ప్రశ్న: నేను మెటలర్జీ డిప్లమా చదువుతున్నాను. రాగి-తగరం ఫేజ్ డయాగ్రంలో 798 డిగ్రీల దగ్గర ఒక అడ్డగీత ఉంది. అది యూటెక్టిక్ కాదని, పెరిటెక్టిక్ అని ఎలా గుర్తుపట్టాలి? 20 శాతం తగరమున్న కంచును పోతపోసి, 780 డిగ్రీల దగ్గర నీళ్లలో ముంచి చల్లార్చాను. ఆల్ఫా అనే ఘన ఫేజు నాలుగో వంతు ఉండాలని కంప్యూటర్ లెక్క చెబుతోంది. మైక్రోస్కోపులో మూడో వంతు దాటి కనబడుతోంది. తప్పు సాఫ్ట్‌వేర్‌దా, నాదా?

జవాబు: ఇద్దరిదీ కాదు. ముందు గీత సంగతి చూద్దాం.

అడ్డగీత మీద ఎప్పుడూ మూడు ఫేజులు కలుస్తాయి. గీతకు రెండు కొసల్లో రెండు, మధ్యలో ఒకటి ఉంటాయి. వాటిలో ద్రవం ఎక్కడుందో చూడండి. మధ్యలో ఉంటే యూటెక్టిక్: పైనుంచి ద్రవం మొన తేలి గీతను తాకుతుంది, చల్లబడితే రెండు ఘనాలుగా విడిపోతుంది. ద్రవం ఒక కొసన ఉండి, మధ్యలో ఘనం ఉంటే పెరిటెక్టిక్. ఆ మధ్య ఘనం క్షేత్రం కిందనుంచి పైకి మొన తేలి గీత దగ్గర ఆగిపోతుంది. మీ గీత మీద 13.5 శాతం తగరం దగ్గర ఆల్ఫా, 22 దగ్గర బీటా, 25.5 దగ్గర ద్రవం ఉన్నాయి. బీటా మొన కిందనుంచి వచ్చి గీతను తాకుతోంది. అంటే ఇక్కడ జరిగేది ద్రవం + ఆల్ఫా → బీటా. ఇదే డయాగ్రంలో ఇంకా కిందికి దిగితే 586 డిగ్రీల దగ్గర మరో అడ్డగీత కనబడుతుంది. అక్కడ పైనుంచి మొన తేలి వచ్చేది బీటాయే, అది రెండు ఘనాలుగా విడిపోతుంది, ద్రవం అసలు లేదు కాబట్టి అది యూటెక్టాయిడ్. ఈ రెండింటినీ కలిపేసుకునే విద్యార్థులు చాలామంది.

ఇక మీ లెక్క. ఏ ఫేజు ఎంత ఉందో చెప్పే లీవర్ సూత్రం నాలుగు వరుసల ప్రోగ్రాంలో ఇమిడిపోతుంది:

```python
c = 20.0
a, b, L = 13.5, 22.0, 25.5
print(100*(c-a)/(L-a))
print(100*(c-a)/(b-a))
```

మొదటి ఫలితం 54.2. అంటే 798 డిగ్రీలకు కాస్త పైన 54.2 శాతం ద్రవం, 45.8 శాతం ఆల్ఫా ఉంటాయి. రెండోది 76.5. గీత దాటగానే 76.5 శాతం బీటా, 23.5 శాతం ఆల్ఫా ఉండాలి. చర్యలో ద్రవమంతా ఖర్చవుతుంది, దానితోపాటు ఆల్ఫాలో దాదాపు సగం కూడా కరిగి బీటాలో కలిసిపోతుంది. 780 డిగ్రీలకు దిగేసరికి క్షేత్రాల అంచులు కాస్త జరిగి ఆల్ఫా నాలుగో వంతుకు చేరుతుంది. సాఫ్ట్‌వేర్ చెప్పింది ఇదే, ఇది సరైన లెక్కే. కాకపోతే ఇది పరమాణువులకు ఎంత కావాలంటే అంత సమయం దొరికినప్పటి లెక్క, అంటే సమతాస్థితి లెక్క.

అచ్చులో జరిగేది వేరు. ముందుగా ఆల్ఫా డెండ్రైట్లు చెట్టు కొమ్మల్లా పెరుగుతాయి. 798 దగ్గర ద్రవం ఆ కొమ్మలను తాకుతున్న చోటల్లా బీటా పుడుతుంది. ఆల్ఫా, బీటా, ద్రవం మూడూ కలిసే అంచు వెంట ఇది చాలా వేగంగా పాకి, చూస్తుండగానే ఆల్ఫా కొమ్మ చుట్టూ బీటా తొక్కలా కప్పేస్తుంది. ఆ తర్వాత ద్రవానికీ ఆల్ఫాకూ మధ్య నేరుగా తాకిడి ఉండదు. చర్య సాగాలంటే ద్రవంలోని తగరం పరమాణువులు ఘనమైన ఆ బీటా పొరను దాటుకుని ఆల్ఫాను చేరాలి. పొర మందమయ్యేకొద్దీ దారి పొడవవుతుంది. మందం రెట్టింపు కావాలంటే దాదాపు నాలుగింతల సమయం కావాలి. పోత అంతసేపు ఆ వేడిమీద ఉండదు. కొంత ఆల్ఫా చర్యలో పాల్గొనకుండానే పొర లోపల చిక్కుకుపోతుంది, బయట ద్రవమూ కొంత మిగులుతుంది. ఆ ద్రవం కింది ఉష్ణోగ్రతల్లో తనంతట తానే గడ్డకడుతుంది.

ఇప్పుడు నమూనాను మళ్లీ మైక్రోస్కోపు కింద పెట్టండి. ఆమ్లం కలిపిన ఫెర్రిక్ క్లోరైడుతో ఎచింగ్ చేసి ఉంటే మూడు వరుసలు వెతకండి. నడుమ గుండ్రంగా, అంచులు కొరికినట్టు ఉన్న ఆల్ఫా ముక్కలుంటాయి. వాటిలోనే మధ్యకూ అంచుకూ రంగు తేడా ఉంటుంది. మొదట గడ్డకట్టిన నడుమ భాగంలో తగరం తక్కువగా, అంచున ఎక్కువగా ఉండటం వల్ల వచ్చే తేడా అది, దీన్నే కోరింగ్ అంటారు. ఆ ముక్కల చుట్టూ బీటా తొక్క. చప్పున చల్లార్చారు కాబట్టి అందులో సన్నని సూదుల్లాంటి గీతలు కనబడవచ్చు. తొక్కలు ఒకదానికొకటి ఎదురుపడే సందుల్లో చిన్న మడుగుల్లాంటి సన్నటి మిశ్రమం ఉంటే, అవి చివరిదాకా మిగిలిన ద్రవం గడ్డకట్టిన చోట్లు. సమతాస్థితి లెక్క ప్రకారం 20 శాతం కంచులో 798 కింద ద్రవమే ఉండకూడదు. కాబట్టి ఒక్క మడుగు కనబడినా చర్య పూర్తికాలేదనడానికి సాక్ష్యం చాలు. ద్రవం మిగిలిన నమూనాను నీళ్లలో వేస్తే ఆవిరి ఎగదన్నవచ్చు, ఈసారి పటకారు పొడవైనది వాడండి.

మరి ఆల్ఫా 46 శాతం దాకా ఎందుకు కనబడలేదంటే, కోరింగ్ వల్లనే. కొమ్మల నడుమ తగరం తక్కువగా ఉంటే సగటున ఆల్ఫా పేదది, మిగిలిన తగరమంతా ద్రవంలోనే ఉంటుంది. అందుకే 798కి చేరేసరికి ద్రవం 54 కంటే ఎక్కువ, ఆల్ఫా 46 కంటే తక్కువ ఉంటాయి. అందులో చర్యకు లోనైనది కొంతే. మీరు లెక్కించిన మూడో వంతు చిత్రంగా లేదు.

సాఫ్ట్‌వేర్‌తో ఈ స్థితికి దగ్గరగా రావాలంటే సమతాస్థితి ఎంపిక బదులు షైల్ లెక్క పెట్టి చూడండి. `pycalphad` వాడుతుంటే దాని తోడు ప్యాకేజీ పేరు `scheil`. అది ఘనంలో పరమాణువులు అసలు కదలవని, ద్రవంలో పూర్తిగా కలిసిపోతాయని అనుకుంటుంది. పుట్టిన ఆల్ఫాను ఇక ముట్టుకోదు కాబట్టి అందులో పెరిటెక్టిక్ చర్యే జరగదు. 798 దాటాక ద్రవం నుంచి నేరుగా బీటా గడ్డకడుతుంది, అంతే. మీ నమూనా ఈ రెండు లెక్కల మధ్య ఎక్కడో ఉంటుంది. రాగి, తగరం వంటి లోహాల్లో షైల్ వైపు మొగ్గుతుంది. ఉక్కులో మాత్రం కథ మారుతుంది. అక్కడ చిన్న కార్బన్ పరమాణువులు ఇనుము పరమాణువుల సందుల్లోంచి వేగంగా దూరిపోతాయి కాబట్టి పెరిటెక్టిక్ చర్య దాదాపు పూర్తవుతుంది.

ఆల్ఫా మిగలడానికి కారణం ఇదేనా అని తేల్చుకోవాలంటే ఒక ముక్కను 700 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, నీళ్లలో చల్లార్చి చూడండి. మడుగులూ కోరింగూ పోవాలి. కానీ ఒక పొరపాటు చేయకండి: అప్పుడు వచ్చిన ఆల్ఫాను 23.5తో పోల్చవద్దు. ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ బీటా క్షేత్రం అంచు ఎక్కువ తగరం వైపు జరుగుతుంది, 586 దగ్గర అది 24.6కు చేరుతుంది. దాంతో బీటాలోంచి కొత్త ఆల్ఫా బయటికొస్తుంది. 700 దగ్గర సమతాస్థితిలోనే ఆల్ఫా మూడో వంతు దాటుతుంది. అంటే శాతం చూస్తే ఏమీ మారనట్టే అనిపిస్తుంది, తేడా ఆకారంలో ఉంటుంది. పాత ఆల్ఫా తొక్క నడుమ గుండ్రని ముక్క. కొత్తది బీటా రేణువుల లోపల, అంచుల వెంట సన్నని పలకల్లా ఉంటుంది.