లాకర్ అగ్రిమెంట్‌పై సంతకం చేసే ముందు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. బ్యాంకు లాకర్ మా వారి ఒక్కరి పేరు మీదే ఉంది, నేను నామినీని. ఏడాది అద్దె 3,000 రూపాయలు, జీఎస్టీ అదనం. అందులో నావి, మా అత్తమ్మవి కలిపి 30 తులాల నగలున్నాయి. కొత్త అగ్రిమెంట్ పెండింగ్‌లో ఉందని, వచ్చి సంతకం చేయమని బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. పేజీలన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. ఏమేం చూడాలి? రేపు మా వారికి ఏదైనా అయితే నగలు నా చేతికి వెంటనే ఇస్తారా?

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న తీసుకుంటాను. ఇప్పుడున్న పద్ధతిలో అయితే వెంటనే ఇవ్వరు. నామినీకి హక్కు మొదలయ్యేది లాకర్ తీసుకున్న మనిషి పోయిన తర్వాతే. మీ వారు ఆపరేషన్ అయి హైదరాబాద్ ఆసుపత్రిలో ఉన్నా, ఇంట్లో పెళ్లికి నగలు కావాల్సి వచ్చినా, నామినీ హోదాలో మీరు ఆ లాకర్ తెరవలేరు. ఆయన తదనంతరం అయితే మరణ ధ్రువపత్రం, మీ గుర్తింపు కార్డు, క్లెయిమ్ ఫారం ఇవ్వాలి. బ్యాంకు ఇద్దరు సాక్షుల ఎదుట లాకర్ తెరిచి, ఉన్న వస్తువుల జాబితా రాసి, సంతకాలు తీసుకుని మీకు అప్పగిస్తుంది. లోపల సీల్ వేసిన ప్యాకెట్లు ఉంటే వాటిని విప్పి చూడాల్సిన పని లేదు. కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో క్లెయిమ్ చూసి, జాబితా రాయడానికి తేదీ ఖాయం చేసి మీకు చెప్పాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఇంకో సంగతి, నామినీ చేతికి వచ్చినంత మాత్రాన ఆ నగలు నామినీ సొంతం కావు. వారసులందరి తరఫున తీసుకున్నట్టే లెక్క. మీ అత్తమ్మ నగలు కూడా అందులో ఉన్నాయి కాబట్టి ఎవరివి ఏవో ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

అందుకే నా సలహా, పాత పద్ధతిలోనే అగ్రిమెంట్ రాసివ్వకండి. మీ ఇద్దరి పేర్ల మీద జాయింట్‌గా మార్చమని అడగండి. ఇక్కడే ఒక గడి జాగ్రత్తగా చూడాలి. లాకర్ ఎవరు ఆపరేట్ చేస్తారో రాసే ఆ గడిలో ‘ఈదర్ ఆర్ సర్వైవర్’ అని ఉండాలి. అంటే ఇద్దరిలో ఎవరు వెళ్లినా తెరవచ్చు, ఒకరు లేకపోతే రెండోవారికి ఇస్తారు. దాని బదులు ‘జాయింట్లీ’ అని రాస్తే ప్రతిసారీ ఇద్దరూ వెళ్లి సంతకం పెట్టాలి. పైగా బెంగళూరులో ఉన్న కొడుకును నామినీగా పెట్టారనుకోండి. మీ ఇద్దరిలో ఒకరు పోతే మిగిలినవారికి ఒక్కరికే ఇవ్వరు, మిగిలినవారు, నామినీ కలిసి రావాలి. ఆ కష్టకాలంలో కొడుకు సెలవు దొరికేదాకా మీరు ఆగాల్సిందే. చాలామంది కౌంటర్ దగ్గర ఈ గడి ఖాళీగా వదిలేసి సంతకం చేసి వస్తారు, తర్వాత క్లర్క్ ఏది టిక్ పెడితే అదే ఖాయమవుతుంది. ఒక్క గడి కూడా ఖాళీగా ఉంచకండి. నామినీ పేరు రాసిచ్చినట్టు రసీదు తీసుకోండి. 2025 నవంబర్ 1 నుంచి నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు. కానీ లాకర్‌కు ఒకరి తర్వాత ఒకరన్న వరసలోనే, వాటాలు పంచడం కుదరదు. మొదటి పేరు ఎవరిదో మీరిద్దరూ ఆలోచించుకుని రాయండి.

ఇక అద్దె. దీన్ని ఏటా కట్టే ఖర్చుగానే చూస్తారు, కానీ బ్యాంకు బాధ్యత దీని మీదే ఆధారపడి ఉంటుంది. అగ్ని ప్రమాదం, దొంగతనం, దోపిడీ, భవనం కూలడం, బ్యాంకు ఉద్యోగి మోసం, వీటి వల్ల నష్టం జరిగితే బ్యాంకు ఇచ్చేది ఏడాది అద్దెకు వంద రెట్లు. మీ అద్దె 3,000 అయితే 3 లక్షలు. తులం లక్ష అనుకున్నా మీ నగల విలువ 30 లక్షలు. మిగతా 27 లక్షలకు అగ్రిమెంట్‌లో హామీ లేదు. వరద, భూకంపం, పిడుగు లాంటివాటి వల్ల, లేదా పూర్తిగా మీ పొరపాటు వల్ల పోతే బ్యాంకు బాధ్యత లేదు. కానీ ‘ఏం జరిగినా బ్యాంకుకు సంబంధం లేదు’ అనే అర్థం వచ్చే వాక్యం ఎక్కడైనా కనిపిస్తే ఒప్పుకోకండి. అది రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టు 18న ఇచ్చిన ఆదేశాలకు విరుద్ధం.

లాకర్‌లో ఏముందో బ్యాంకుకు తెలియదు. రేపు క్లెయిమ్ చేయాల్సి వస్తే నిరూపించుకోవాల్సింది మీరే. కాబట్టి ఒక్కో నగను తూకం వేయించి, ఫోటో తీసి, బిల్లులతో కలిపి ఇంకో చోట పెట్టండి. లాకర్ వస్తువులకు బ్యాంకు తానే బీమా అమ్మకూడదు. ఇంటి బీమా తీసుకుంటే మాత్రం ‘లాకర్‌లో ఉన్న నగలకు కూడా వర్తిస్తుందా’ అని అడిగి, పాలసీలో ఆ మాట చూశాకే ప్రీమియం కట్టండి. 30 తులాలకు ఆ ఖర్చు పెట్టదగ్గదే అని నా అభిప్రాయం.

అద్దె బాకీ పడితే ఏమవుతుందన్న పేజీని ఎవరూ చదవరు, నాకు ఎక్కువ భయం దాని మీదే. వరసగా మూడేళ్లు అద్దె కట్టకపోతే లాకర్ పగలగొట్టే అధికారం బ్యాంకుకు ఉంది. అంతకుముందు ఉత్తరం, ఎస్ఎంఎస్, ఈమెయిల్ ద్వారా చెప్పాలి. ఉత్తరం తిరిగొస్తే రెండు పేపర్లలో, ఒకటి ఇంగ్లిష్, ఒకటి తెలుగు, ప్రకటన ఇవ్వాలి. బ్యాంకు అధికారి, ఇద్దరు సాక్షుల ఎదుట, వీడియో తీస్తూ తెరవాలి. ఈ నిబంధనలకు వెనుక ఒక కేసు ఉంది. కోల్‌కతాలో అద్దె కట్టినా కట్టలేదని ఒక ఖాతాదారు లాకర్‌ను బ్యాంకు పగలగొట్టింది. ఏడు నగల్లో రెండే తిరిగి ఇచ్చిందని ఆయన కోర్టుకెక్కారు. సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 19న 5 లక్షల పరిహారం, కోర్టు ఖర్చులకు మరో లక్ష ఇవ్వమంది.

మీ అగ్రిమెంట్‌లో మూడేళ్లకు బదులు తక్కువ గడువు ఉందేమో చూడండి. అద్దె ఏ అకౌంట్ నుంచి కట్ అవుతుందో కూడా చూడండి. వాడకంలో లేని పాత సేవింగ్స్ అకౌంట్‌కు ముడిపడి ఉంటే బాకీ మొదలైన సంగతే మీకు తెలియదు. అగ్రిమెంట్‌లో మీ ఇప్పటి ఫోన్ నంబరు, చిరునామా ఉన్నాయా? అద్దె కట్ అయ్యేది రోజూ వాడే అకౌంట్‌కు మార్చి, కట్టిన రసీదులు దాచుకోండి. ఏడాదికి ఒకసారైనా లాకర్ తెరిచి రిజిస్టర్‌లో సంతకం పెట్టండి. అద్దె క్రమం తప్పక కట్టినా, ఏడేళ్లు తెరవకుండా, మనిషి ఆచూకీ దొరకకపోతే బ్యాంకు తెరవొచ్చు.

బ్యాంకు వారు ఇంకొకటి అడుగుతారేమో. అద్దెకు హామీగా ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయమంటే మూడేళ్ల అద్దె, పగలగొట్టే ఖర్చు కలిపినంతకే అడగొచ్చు, మీ లెక్కలో అద్దె భాగం 9,000. అదీ కొత్తగా లాకర్ తీసుకునేవారికి. ఇప్పటికే లాకర్ ఉన్నవారిని దానికి పట్టుబట్టకూడదు. లక్ష, రెండు లక్షల డిపాజిట్ కావాలంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి.

సంతకాలు అయ్యాక బ్యాంకు వారి సంతకం ఉన్న ఒక ప్రతి మీ చేతికి రావాలి. ఇవ్వకపోయినా, పై షరతులకు ఒప్పుకోకపోయినా మేనేజర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చిన జవాబు నచ్చకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయవచ్చు. దానికి ఫీజు లేదు.