మధ్యాహ్నం తిన్న సంగటి మర్నాడు వాంతిలో వస్తుంటే...

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పలమనేరు. మా అమ్మకు 58 ఏళ్లు, 18 ఏళ్లుగా షుగర్. ఆరు నెలలుగా నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయిందంటోంది. మధ్యాహ్నం తిన్న సంగటి, ఆకుకూర మర్నాడు పొద్దున అట్లే వాంతిలో వస్తున్నాయి. ఇన్సులిన్ వేసుకుని తిన్న గంటకు షుగర్ 60కి పడిపోతుంది, రాత్రికి 300 దాటుతుంది. ఎండోస్కోపీలో పుండు గానీ అడ్డు గానీ లేదన్నారు, కానీ కడుపులో అన్నం మిగిలి ఉందన్నారు. ఇప్పుడు ఏదో స్కాన్ రాశారు. అది అవసరమా? అమ్మకు ఏం పెట్టాలి?

జవాబు: స్కాన్ చేయించండి, అవసరమే. రాత్రంతా ఏమీ తినకుండా వెళ్లినా కడుపులో అన్నం కనిపించింది, దారిలో అడ్డేమీ లేదు. అంటే తిన్నదాన్ని కిందికి నెట్టే శక్తి తగ్గి ఉండాలి. దీన్ని గ్యాస్ట్రోపరేసిస్ అంటాం.

మనం మింగినదాన్ని జీర్ణాశయం కింది భాగం ఒకటి రెండు మిల్లీమీటర్ల నలుసులయ్యేదాకా నూరి, కొంచెం కొంచెంగా పేగులోకి వదులుతుంది. ఆ పని చేయించేది వేగస్ నాడి. ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే ఆ నాడి దెబ్బతింటుంది. నూరడం మందగించి గట్టి పదార్థం అక్కడే నిలిచిపోతుంది. నీళ్లలాంటివి మాత్రం నూరే పని లేదు కాబట్టి చాలావరకు దిగిపోతాయి. మీ అమ్మగారి భోజనాన్ని మార్చడానికి ఇదే ఆధారం.

షుగర్ పడి లేవడానికీ కారణం ఇదే. ఇన్సులిన్ తన వేళకు పనిచేస్తుంది, అన్నం మాత్రం ఇంకా కడుపులోనే ఉంటుంది. అందుకే 60. అది ఆలస్యంగా పేగులోకి దిగేసరికి ఇన్సులిన్ బలం తగ్గిపోతుంది. అందుకే రాత్రి 300. ఇది చూసి డోసు పెంచితే మరింత ప్రమాదం. భోజనానికి ముందు వేసే ఇన్సులిన్‌ను తిన్న తర్వాతకు మార్చవచ్చా, ఏ రకం వాడాలి అన్నది మీ డాక్టర్‌తో మాట్లాడండి. సొంతంగా మార్చవద్దు. షుగర్ పడిపోయినప్పుడు బిస్కెట్, చాక్లెట్ ఇవ్వకండి, అవీ కడుపులోనే ఆగుతాయి. మూడు చెంచాల గ్లూకోజ్ పొడి అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి.

స్కాన్‌కు పరగడుపున వెళ్లాలి. చాలా స్వల్పంగా రేడియోధార్మిక పదార్థం కలిపిన గుడ్డు తెల్లసొన, బ్రెడ్ తినిపిస్తారు. గుడ్డు తిననివారికి కొన్నిచోట్ల ఇడ్లీ పెడతారు. తిన్న వెంటనే, తర్వాత 1, 2, 4 గంటలకు కెమెరా కింద చూస్తారు. నాలుగు గంటలకు 10 శాతానికి మించి మిగిలి ఉంటే ఆలస్యం ఉన్నట్టే. రెండు గంటలకే ముగించే పరీక్ష కొందరిలో జబ్బును పట్టుకోలేదు, కాబట్టి నాలుగు గంటలదేనా అని ముందే అడగండి. ఆ పొద్దున షుగర్ 275 దాటి ఉంటే వాయిదా వేయించుకోండి, ఎక్కువ షుగర్ ఒక్కటే కడుపును మందగింపజేస్తుంది. వాంతులకు వాడే మాత్రలు రెండు మూడు రోజుల ముందు ఆపాలి, ఏవన్నది డాక్టర్ చెబుతారు. బరువు తగ్గడానికీ షుగర్‌కీ వాడే సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లు తీసుకుంటుంటే తప్పక చెప్పండి, అవే ఇలా చేస్తాయి. తిరుపతి స్విమ్స్‌లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉంది. ఈ పరీక్ష ఏ రోజు చేస్తారో కనుక్కుని వెళ్లండి.

ఇక భోజనం. సంగటి ముద్దను మనవాళ్లు నమలరు, పప్పులోనో పులుసులోనో అద్దుకుని మింగేస్తారు. బాగున్న కడుపుకు అది బరువు కాదు, అమ్మగారికి మాత్రం ప్రస్తుతానికి వద్దు. అదే రాగిపిండిని జల్లించి, పలుచగా జావ కాచి, వెన్న తీసిన మజ్జిగతో ఒక గ్లాసు ఇవ్వవచ్చు. జావ షుగర్‌ను త్వరగా పెంచుతుంది, ఇన్సులిన్ లెక్కలో దాన్నీ చేర్చండి. రోజుకు రెండు పెద్ద భోజనాల బదులు ఐదారుసార్లు, సారికి ఒక కప్పుకు మించకుండా పెట్టండి. పప్పుకట్టుతో రెండు మెత్తని ఇడ్లీలు, బాగా ఉడికించి మెదిపిన అన్నంలో పెసరకట్టు, మిక్సీ పట్టిన సొరకాయ లేదా బీరకాయ కూర, చిదిపిన గుడ్డు తెల్లసొన. కడుపు నూరలేనిది మిక్సీ నూరాలి. సాయంత్రం ఏడున్నరకు ఆఖరుది, అదీ ద్రవంగా. తిన్నాక రెండు గంటలు పడుకోకూడదు, ఇంట్లోనే మెల్లగా నడవాలి.

చెనక్కాయ ఊరిబిండి, వేపుళ్లు తగ్గించండి, నూనె కడుపును ఇంకా ఆపుతుంది. మునగాకు, గోంగూర, జామకాయ, నారింజ తొనల పీచు అరగక ఉండకట్టి అడ్డుపడగలవు. ఈ పీచు తగ్గించమనడం షుగర్ రోగికి మామూలుగా ఇచ్చే సలహాకు వ్యతిరేకమని నాకు తెలుసు, కానీ ఈ జబ్బులో ఇదే సరి.

వాంతులకు, కడుపు కదలడానికి ఇచ్చే మాత్రల విషయంలో ఒక జాగ్రత్త. మెటోక్లోప్రమైడ్ మూడు నెలలకు మించి వాడకూడదు. గ్యాస్ మాత్రతో కలిపి వచ్చే లెవోసల్పిరైడ్ ఏళ్ల తరబడి మింగేవాళ్లను తరచూ చూస్తాం. చేతులు వణకడం, ముఖం బిగుసుకోవడం, నడక నెమ్మదించడం మొదలైతే ఆ మాత్రే కారణం కావచ్చు, వెంటనే డాక్టర్‌కు చూపించండి. డాంపెరిడాన్‌కు ముందు ఈసీజీ తీయించాలి.

వాంతిలో రక్తం గానీ కాఫీ పొడిలాంటిది గానీ వచ్చినా, నీళ్లు కూడా నిలవకపోయినా, మత్తుగా ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తినలేదని ఇన్సులిన్ పూర్తిగా మానేయవద్దు, ఎంత వేయాలో ఫోన్ చేసి అడగండి.