చిన్నా, నీ రెజ్యూమేలో ఆ పై మూడు లైన్లు మార్చు

చిన్నా, నువ్వు పంపిన రెజ్యూమే చూశా. పైన రాసిన ఆ "పేరున్న సంస్థలో సవాళ్లతో కూడిన ఉద్యోగం కోరుతూ" అనేది తీసెయ్ నాన్నా. అమీర్‌పేటలో ఏ కోచింగ్ సెంటర్ కుర్రాణ్ణడిగినా అదే ఉంటది, పైగా అందులో నీకేం కావాలో ఉంది గానీ నీకేం వచ్చో లేదు.

మూడే వాక్యాలు రాయి. ఏ ఉద్యోగానికి, ఏ టూల్స్‌తో అనేది మొదటిది. కాలేజీ ప్రాజెక్టులో నీ చేత్తో చేసింది రెండోది, ఇంటర్న్‌షిప్‌లో నువ్వు చేసింది ఎవరికి ఉపయోగపడిందో మూడోది.

మొదటిది ఈజీ, 2025 బీటెక్, డేటా అనలిస్ట్, ఎస్‌క్యూఎల్, పైథాన్, పవర్ బీఐ, అంతే. కష్టపడి పనిచేస్తా, త్వరగా నేర్చుకుంటా లాంటివి వద్దు, అవి ఎవరైనా రాస్తారు.

రెండో దాని దగ్గరే నువ్వు దెబ్బతింటావు. లోన్ ఎగ్గొట్టేవాళ్లని కనిపెట్టే మోడల్, 92 శాతం యాక్యురసీ అని రాశావు కదా, మరి నీ డేటాలో పదిమందిలో తొమ్మిదిమంది కట్టేసినవాళ్లే అని నువ్వే చెప్పావు, అంటే ఏ మోడలూ లేకుండా "అందరూ కడతారు" అన్నా 90 వస్తది! ఇంటర్వ్యూలో ఎవరో ఒకరు కచ్చితంగా ఇదే పట్టుకుంటారు. ఎగ్గొట్టినవాళ్లలో ఎంతమందిని పట్టుకుందో, అంటే రికాల్ ఎంతో తెలిస్తే అది రాయి. లేకపోతే మోడల్ జోలికే పోకు, అది మీ నలుగురిలో ఇంకొకడు చేసింది కూడాను. నువ్వు చేసింది డేటా క్లీనింగ్, అదే రాయి, అనలిస్ట్ ఉద్యోగంలో రోజూ ఉండే పనే అది.

ఇంటర్న్‌షిప్ గురించి "రిపోర్టుల్లో సహాయం చేశాను" అన్నావు. ఏం సహాయం రా? బ్రాంచీల ఎక్సెల్ షీట్లన్నీ కలిపి డాష్‌బోర్డు కట్టింది నువ్వే కదా, అయితే "తయారుచేశా" అనే రాయి. ఎంత టైమ్ మిగిలిందో మాత్రం మీ మేనేజర్ ఒప్పుకునే నంబరైతేనే పెట్టు.

ఇంగ్లీషులో నువ్వే రాసుకో గానీ విషయం ఇట్లా ఉండాలి:

"2025లో కంప్యూటర్ సైన్స్ బీటెక్ పూర్తిచేసి, ఎస్‌క్యూఎల్, పైథాన్, పవర్ బీఐతో పనిచేసే ఎంట్రీ లెవెల్ డేటా అనలిస్ట్. నలుగురి ప్రాజెక్టులో 12,000 లోన్ రికార్డుల క్లీనింగ్ బాధ్యత తీసుకుని, డూప్లికేట్లు తీసేసి, ఖాళీ విలువలు సరిచేశా. రెండు నెలల ఇంటర్న్‌షిప్‌లో ఐదు బ్రాంచీల వారపు సేల్స్ షీట్లని ఒకే డాష్‌బోర్డులోకి తెచ్చా, టీమ్ దాన్ని సోమవారం రివ్యూలో వాడింది."

ఇక ప్రతి వాక్యం మీదా "ఎట్లా చేశావ్?" అని నిన్ను నువ్వే అడుగు, రెండు నిమిషాలు ఆగకుండా చెప్పలేకపోతే ఆ ముక్క తీసెయ్. ఖాళీ విలువల్లో సగటు పెట్టావా, మీడియన్ పెట్టావా, ఎందుకు పెట్టావో కూడా ఇప్పుడే గుర్తు తెచ్చుకో.

పవర్ బీఐ అడగకుండా మొత్తం ఎస్‌క్యూఎల్ అడిగే ఉద్యోగమైతే మూడో వాక్యంలో డాష్‌బోర్డు తగ్గించి, ఆ షీట్లని ఎట్లా జాయిన్ చేశావో రాయి. అన్నట్టు బ్రాంచీలు ఐదా ఆరా, మొన్న ఫోన్‌లో ఆరన్నావు, పాత ఫైల్ తీసి చూసి పంపు.

మీ బాబాయ్