ఫోటోలో పాఠం లేదు, ప్రశ్న ఒక్కటే ఉంది

ప్రశ్న: బెంగళూరులో ఇంటి దగ్గరే పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్తాను. రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్‌లో ప్రశ్న ఫోటో తీసి పెడతారు. అందులో 'పై పేరాను బట్టి', 'యాక్టివిటీలో' అని ఉంటుంది, ఆ పేరా మాత్రం ఉండదు. తెలిసినంతలో చెప్పెయ్యాలా, మళ్ళీ ఫోటో అడగాలా?

జవాబు: నేనూ మారతహళ్ళిలో ఎనిమిదేళ్ళుగా ఇదే పని చేస్తున్నానండీ. ప్రశ్న చూడగానే నేను మొదట చేసేది, ఆ 'పాఠాన్ని బట్టి' అన్న ముక్కను వేలితో మూసేసి మిగతాది చదవడం. అప్పుడు కూడా జవాబు దొరుకుతుందా లేదా అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

మొన్న ఒకబ్బాయి పెట్టిన ఫోటో చూడండి. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు, మొదటి పాఠం. 'యాక్టివిటీ 1.7లో ఒక టెస్ట్‌ట్యూబులో చేరిన వాయువు రెండోదానిలో కంటే రెట్టింపు ఎందుకుంది? ఆ వాయువు పేరేమిటి?' యాక్టివిటీ ఫోటోలో లేదు. కానీ రెండు ట్యూబులు, రెండింట్లో వాయువు, ఒకదానిలో రెట్టింపు అంటే మొదటి పాఠంలో నీటి విద్యుద్విశ్లేషణ తప్ప ఇంకేం కాదు. కాబట్టి వాడిని కాచుకోమనలేదు. ఇలా రాశాను: 'ఇది నీళ్ళలోకి కరెంటు పంపే యాక్టివిటీ అనుకుని చెప్తున్నాను. నీ పుస్తకంలో 1.7 దగ్గర ప్లాస్టిక్ మగ్గు, కార్బన్ ఎలక్ట్రోడ్లు, 6 వోల్టుల బ్యాటరీ ఉన్నాయా చూడు. ఉంటే ఆ వాయువు హైడ్రోజన్. నీటి అణువులో ఆక్సిజన్ ఒకటుంటే హైడ్రోజన్ రెండు, అందుకే రెట్టింపు.' కింద సమీకరణం కూడా పెట్టాను:

2H₂O → 2H₂ + O₂

నేను ఏమనుకున్నానో మొదటి వాక్యంలోనే చెప్పాను. అది సరో కాదో తేల్చుకోవడానికి వాడు పుస్తకంలో ఎక్కడ చూడాలో కూడా చెప్పాను. ఈ రెండూ లేకుండా 'హైడ్రోజన్' అని ఒక్క మాట పంపి ఉంటే, నా ఊహ తప్పయిన రోజున వాడికి తెలిసే దారే ఉండదు.

అలా తెలియకుండా పోయిన రోజు నా ఖాతాలో ఒకటుంది. ఒకమ్మాయి 'యాక్టివిటీ 6.1లో ఏం గమనించావు?' అన్న వర్క్‌షీట్ ముక్క పెట్టింది. నా దగ్గర మా పెద్దమ్మాయి చదివిన పాత పుస్తకముంది. అందులో ఆరో పాఠం జీవక్రియలు. ఆకుకు అయోడిన్ వేస్తే పచ్చగా ఉన్న చోటే నీలి నలుపు రంగు వస్తుందని నిమిషంలో రాసి పంపేశాను. కొత్త సిలబస్‌లో మూలకాల ఆవర్తన వర్గీకరణ పాఠం తీసేశారు కదా, దాని వెనకున్న పాఠాల అంకెలు ముందుకు జరిగాయి. జీవక్రియలు ఐదో పాఠమైంది, ఆ పిల్ల పుస్తకంలో 6.1 అంటే ముక్కు మూసుకుని చక్కెర రుచి చూసేది. చక్కెర అడిగితే ఆకు రాసుకొచ్చిందని క్లాసంతా నవ్వారట. పాపం, నన్ను ఒక్క మాట అనలేదు. ప్రశ్నలో వస్తువులేవీ లేవు, అంకె ఒక్కటే ఉంది. అంకెను నమ్మకుండా పాఠం పేరు అడిగి ఉండాల్సింది.

ఇక ఇంగ్లీషు ప్యాసేజీలంటారా, వాటిలో ఊహకు తావే లేదు. 'మూడో పేరాలో టైర్డ్ అనే అర్థమొచ్చే మాట వెతికి రాయి' అని ఉందనుకోండి. ఎగ్జాస్టెడ్, ఫెటీగ్డ్, వియరీ అని నాకు మూడు తెలుసు. మూడూ సరైన ఇంగ్లీషే, అయినా పేరాలో ఉన్నది ఒక్కటే. మార్కు దానికే. సైన్సులో పట్టికిచ్చి 'దీన్ని బట్టి చెప్పండి' అనే కేసు ప్రశ్నలూ అంతే, అంకెలు చూడకుండా నోరు విప్పకూడదు.

అడగాల్సి వచ్చినప్పుడు 'పాఠమంతా పంపు' అనకండి. పద్నాలుగు ఫోటోలొస్తాయి, అందులో సగం వాళ్ళ బొటనవేలే. ఆ ప్యాసేజీ మొదటి లైను నుంచి చివరి లైను దాకా ఒక్క ఫోటో, పేజీ పైన పాఠం పేరు కనబడేలా తియ్యమనండి. కొత్త పిల్లలైతే అట్ట ఫోటో కూడా ఒకసారి తెప్పించుకోండి. మన దగ్గర ఒకే అపార్ట్‌మెంటులో సీబీఎస్‌ఈ వాళ్ళుంటారు, ఐసీఎస్‌ఈ వాళ్ళుంటారు, కర్ణాటక స్టేటు సిలబస్ వాళ్ళుంటారు. 'ఆంటీ, మూడో పాఠం రెండో ప్రశ్న' అంటే ఎవరి మూడో పాఠమో ఎలా తెలుస్తుంది? నేనైతే పిల్లల పేరు పక్కనే బోర్డు పేరు, పుస్తకం అచ్చయిన సంవత్సరం కాంటాక్ట్‌లో సేవ్ చేసుకున్నాను.